వేడికి ఆముదం పలుచబడుతుంటే గాలి ఎందుకు అలా కాదు? స్నిగ్ధతపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆముదం నింపిన పొడవాటి గాజు జాడీలో చిన్న ఉక్కు గుండ్లను వదిలి స్నిగ్ధత కొలిచే ప్రయోగాన్ని డిగ్రీ విద్యార్థులతో ఏటా చేయిస్తాను. ఆ వారంలో ఏటా ఇవే సందేహాలు తిరిగి వస్తాయి. "వేడి చేస్తే ద్రవాల స్నిగ్ధత తగ్గుతుంది, వాయువులది పెరుగుతుంది" అన్న వాక్యం అందరికీ కంఠస్థమే. ఎందుకని అడిగితే ద్రవాల వరకు బాగానే చెబుతారు, వాయువుల దగ్గరికి వచ్చేసరికి చాలామంది తప్పు కారణం చెబుతారు. ఆ తప్పును సరిదిద్దడం కోసమే ముఖ్యంగా ఈ పేజీ రాశాను.

ఏ ప్రశ్ననైనా నేరుగా చదువుకోవచ్చు. అంకెలన్నీ సెంటీపాయిజ్‌లలో ఇచ్చాను. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి స్నిగ్ధత దాదాపు సరిగ్గా 1 సెంటీపాయిజ్ కాబట్టి దేనినైనా నీటితో పోల్చి చూసుకోవచ్చు.

## ముందుగా మాటల సంగతి

స్నిగ్ధత అంటే చిక్కదనమే కదా? బరువైన ద్రవానికి స్నిగ్ధత ఎక్కువ ఉంటుందా?

ఉండాలని లేదు. "చిక్కన" అనే మాటను మనం రెండు పనులకు వాడుకుంటాం. ఒకటి, తక్కువ చోటులో ఎక్కువ పదార్థం ఉండటం. అది సాంద్రత. రెండు, ఒలికించినప్పుడు మెల్లగా సాగుతూ దిగడం. స్నిగ్ధత ఈ రెండోది. ద్రవంలో ఒక పొర వేగంగా, దాని పక్క పొర నెమ్మదిగా కదులుతున్నప్పుడు వేగంగా పోయేదాన్ని వెనక్కి లాగి, నెమ్మదిగా పోయేదాన్ని ముందుకు నెట్టే అంతర్గత ఘర్షణే స్నిగ్ధత.

ఈ రెండూ వేర్వేరని పాదరసం ఒక్కటే చూపిస్తుంది. అది నీటికన్నా పదమూడున్నర రెట్లు బరువు, స్నిగ్ధత మాత్రం 1.5 సెంటీపాయిజ్ చుట్టూనే. ఆముదం నీటిపై తేలేంత తేలిక, అయినా 20 డిగ్రీల వద్ద దాని స్నిగ్ధత 986.

వేడి గాలి పలుచబడి పైకి లేస్తుంది. మరి దాని స్నిగ్ధత పెరిగిందంటే నమ్మడమెలా?

పైకి లేవడానికి కారణం సాంద్రత తగ్గడం. తెరిచి ఉన్న చోట గాలిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చేస్తే ఘనపు మీటరు గాలి బరువు 1.2 కిలోల నుంచి 0.95 కిలోలకు పడిపోతుంది. అదే సమయంలో స్నిగ్ధత 0.0182 నుంచి 0.0218 సెంటీపాయిజ్‌కు, అంటే 20 శాతం పెరుగుతుంది. రెండు మార్పులూ ఒకేసారి జరుగుతాయి, ఒకదానికొకటి అడ్డు కావు. గాలి బరువెంత అన్నది మొదటిది చెబుతుంది, పొరల మధ్య లాగుడు ఎంత అన్నది రెండోది చెబుతుంది.

## ద్రవాల దగ్గర

వేడి చేస్తే ద్రవం ఎందుకు సులువుగా పారుతుంది?

ద్రవంలో అణువులు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. కిక్కిరిసిన జాతరలో నిలబడ్డ మనిషిని ఊహించుకోండి. ఉన్నచోటనే అటూ ఇటూ ఊగగలడు, కానీ ఒక అడుగు జరగాలంటే చుట్టూ ఉన్నవాళ్లు కాస్త సందు ఇవ్వాలి. ద్రవంలోని ప్రతి అణువుకూ ఇరుగుపొరుగు అణువులతో ఇలాంటి పంజరం ఉంటుంది. ఆ పంజరంలోనే అది ఊగుతూ ఉంటుంది. ఎప్పుడో ఒకసారి గట్టిగా ఊగి, సందు దొరికి, పక్క చోటికి దూకుతుంది.

ద్రవం పారడమంటే పొరలు ఒకదానిపై ఒకటి జరగడం. అలా జరగాలంటే అణువులు పాత పొరుగువారిని వదిలి కొత్తవారి పక్కన చేరాలి. వదలడం ఆలస్యమైతే ఆ పట్టు పొరలను వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడే ద్రవాల స్నిగ్ధత. వేడి చేస్తే ఊగులాట బలపడుతుంది, దూకుళ్లు తరచవుతాయి, పట్టు త్వరగా వీడుతుంది. అందుకే ద్రవం తేలిగ్గా పారుతుంది. అణువుల మధ్య ఆకర్షణ బలాలు మాత్రం వేడికి పోవు. వాటిని దాటడం అణువులకు సులువవుతుంది, అంతే.

ఉష్ణోగ్రత 20 నుంచి 40కి పెరిగితేనే ఆముదం నాలుగింతలు పలుచబడింది. ఇంత చిన్న వేడికి అంత పెద్ద మార్పు ఎలా?

20 నుంచి 40 అంటే రెట్టింపైనట్టు కనిపిస్తుంది కానీ అణువుల లెక్కలో చూడాల్సింది పరమ ఉష్ణోగ్రత. అది 293 కెల్విన్ నుంచి 313 కెల్విన్‌కు, అంటే సుమారు 7 శాతమే పెరిగింది. ఆముదం స్నిగ్ధత మాత్రం 986 నుంచి 231కి పడింది. ఈ ప్రశ్న వేసిన విద్యార్థి సరైన చోట ఆగాడని నా అభిప్రాయం, ఎందుకంటే ద్రవాల రహస్యమంతా ఇక్కడే ఉంది.

అణువు తన పంజరాన్ని దాటడానికి కొంత శక్తి కావాలి. దాన్ని ఒక గట్టు అనుకుందాం. ఆముదం అంకెల నుంచి వెనక్కి లెక్కకడితే ఆ గట్టు ఎత్తు మోల్‌కు 55 కిలోజౌళ్ల చుట్టూ వస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద మోల్‌కు RT విలువ 2.5 కిలోజౌళ్లు మాత్రమే. అంటే అణువుకు వేడి వల్ల దక్కే శక్తి కొలమానానికి గట్టు దాదాపు 22 రెట్లు ఎత్తు. మామూలు అణువు దాన్ని దాటలేదు. అదృష్టవశాత్తూ పొరుగువారి నుంచి ఒక్కసారిగా చాలా శక్తి అందుకున్న అరుదైన అణువే దాటుతుంది. ఇలాంటి అరుదైన వాటి సంఖ్య ఉష్ణోగ్రతతో పాటు నిదానంగా పెరగదు, ఘాతీయంగా పెరుగుతుంది. సగటు శక్తి 7 శాతం పెరిగితే గట్టు దాటగలిగేవాటి సంఖ్య నాలుగు రెట్లు దాటిపోతుంది.

నీటికి ఇదే లెక్క వేస్తే గట్టు మోల్‌కు 16 కిలోజౌళ్లే వస్తుంది. అందుకే అదే 20 డిగ్రీల మార్పుకు నీటి స్నిగ్ధత 1.00 నుంచి 0.65కే తగ్గుతుంది. పొడవాటి అణువులు, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే అణువులు ఉన్న ద్రవాలకే వేడి ప్రభావం ఎక్కువ. అయితే ఈ గట్టు ఎత్తు అన్ని ఉష్ణోగ్రతల వద్దా ఒకటే ఉండదు. ద్రవం చల్లబడేకొద్దీ పెరుగుతూ వస్తుంది. కాబట్టి 20, 40 డిగ్రీల విలువలతో కట్టిన సూత్రాన్ని 100 డిగ్రీల దాకా లాగితే తప్పు వస్తుంది.

వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది, ఖాళీ పెరుగుతుంది. కారణం ఇంతే కదా?

ఖాళీ పెరగడానికి పాత్ర ఉంది. నూనెల్లో ఆ పాత్ర గణనీయమే. ఇరుకైన చోట కొద్దిపాటి అదనపు జాగా కూడా దూకుళ్లను చాలా సులువు చేస్తుంది. కానీ "ఇంతే" అనడానికి నీరు ఒప్పుకోదు. నీటిని 0 నుంచి 4 డిగ్రీలకు వేడి చేస్తే అది వ్యాకోచించదు, కాస్త కుంచించుకుపోతుంది. ఆ నాలుగు డిగ్రీలలోనే దాని స్నిగ్ధత 1.79 నుంచి 1.57కి దిగుతుంది. ఖాళీ తగ్గుతున్నా స్నిగ్ధత తగ్గిందంటే పొరుగు అణువుల పట్టును వేడి స్వయంగా సడలిస్తోందని అర్థం.

## వాయువుల దగ్గర

వాయువులో అణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు కదా, అసలు వాటికి స్నిగ్ధత ఎక్కడి నుంచి వస్తుంది?

గోదావరిపై రెండు పడవలు పక్కపక్కనే ఒకే దిశలో పోతున్నాయనుకోండి. ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా. వాటి మధ్య తాడు లేదు, అవి తాకడం లేదు. కానీ రెండింటిలోని మనుషులూ ఒకరి పడవలోకి ఒకరు బస్తాలు విసురుకుంటున్నారు. వేగపు పడవ నుంచి వచ్చిన బస్తా ఆ పడవ వేగాన్ని వెంట తెచ్చి నెమ్మది పడవను ముందుకు నెడుతుంది. నెమ్మది పడవ నుంచి వెళ్లిన బస్తాను తన వేగానికి తెచ్చుకోవడంలో వేగపు పడవ కొంత మందగిస్తుంది. కాసేపటికి రెండు వేగాలూ దగ్గరపడతాయి. ఒడ్డు మీద నుంచి చూసేవాళ్లకు మధ్యలో ఏదో ఘర్షణ ఉన్నట్టే ఉంటుంది.

వాయువు పొరలే ఆ పడవలు, అణువులే బస్తాలు. గది ఉష్ణోగ్రత వద్ద గాలి అణువు సగటున సెకనుకు 460 మీటర్ల వేగంతో దూసుకుపోతూ, సుమారు 70 నానోమీటర్లకు ఒకసారి మరో అణువును ఢీకొంటుంది. ఒక పొరలో చివరిసారి ఢీకొన్నప్పుడు ఆ పొర కదలికలోని ద్రవ్యవేగం దానికి అంటుతుంది. తరువాత ఢీకొనే చోట దాన్ని అప్పగిస్తుంది. పట్టుకోవడం వల్ల కాదు, ఇలా మోసుకుపోవడం వల్ల వాయువుకు స్నిగ్ధత వస్తుంది.

వేడి చేస్తే అణువులు ఎక్కువసార్లు ఢీకొంటాయి, అందుకే వాయువుల స్నిగ్ధత పెరుగుతుంది. ఇలా రాస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇది నేను జవాబు పత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువగా చూసిన తప్పు. తెరిచిన పాత్రలో, అంటే పీడనం మారకుండా గాలిని 20 నుంచి 100 డిగ్రీలకు వేడి చేసి చూడండి. అణువుల వేగం 13 శాతం పెరుగుతుంది, నిజమే. కానీ గాలి వ్యాకోచించి ఘనపు సెంటీమీటరులోని అణువుల సంఖ్య 21 శాతం తగ్గుతుంది. ఫలితంగా ఒక్కో అణువు సెకనుకు ఢీకొనే సార్లు దాదాపు 11 శాతం తగ్గుతాయి. అయినా స్నిగ్ధత 20 శాతం పెరుగుతుంది. ఢీకొనడాలు పెరగడమే కారణమైతే ఇక్కడ స్నిగ్ధత తగ్గి తీరాలి.

ఈ తప్పుకు మూలం ఢీకొనడాన్ని అడ్డంకిగా ఊహించడం. ఒక మనిషి గుంపులో తోసుకుపోతున్నట్టు అనుకుంటాం. వాయువులో ఢీకొనడం అణువు తన సామాను దించే చోటు. తరచుగా దించితే ద్రవ్యవేగం అంత దూరం పోదు.

అయితే వేడి వాయువుకు స్నిగ్ధత పెరగడానికి అసలు కారణం ఏమిటి?

మూడు విషయాలు చూడాలి: మోసే అణువులు ఎన్ని, ఎంత వేగంగా పొరలను దాటుతాయి, ఒక్కోటి ఎంత దూరం నుంచి వస్తుంది. దూరం ఎందుకంటే, దూరపు పొర నుంచి వచ్చిన అణువు ఎక్కువ వేగ వ్యత్యాసాన్ని తెస్తుంది.

పీడనం మారకుండా వేడి చేస్తే మోసేవాటి సంఖ్య తగ్గుతుంది. కానీ అడ్డు తగిలేవి తగ్గాయి కాబట్టి ఒక్కోటి సరిగ్గా అంతే నిష్పత్తిలో ఎక్కువ దూరం నుంచి వస్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేస్తాయి. మిగిలేది వేగం ఒక్కటే. వేగం పరమ ఉష్ణోగ్రత వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి స్నిగ్ధత కూడా కనీసం అంత పెరగాలి: η ∝ √T. మూత బిగించిన పాత్రలో వేడి చేసినా ఇదే ఫలితం. అక్కడ సంఖ్యా మారదు, దూరమూ మారదు, వేగమే పెరుగుతుంది.

లెక్క ప్రకారం √T అయితే 17 శాతమే పెరగాలి. పట్టికలో గాలికి 0 నుంచి 100 డిగ్రీల మధ్య 27 శాతం పెరుగుదల ఉంది. ఏది సరి?

పట్టికే సరి. √T అన్నది అణువులను గట్టి గోళీలుగా భావించి వేసిన లెక్క. నిజమైన అణువులు దగ్గరికి వచ్చినప్పుడు ఒకదాన్నొకటి కొద్దిగా ఆకర్షిస్తాయి. నెమ్మదిగా పోయే అణువు మరోదాని పక్క నుంచి పోతుంటేనే ఆ ఆకర్షణకు దారి మళ్లుతుంది, అదీ ఢీకొన్నట్టే లెక్క. వేగంగా పోయేది మళ్లకుండా దూసుకుపోతుంది. అంటే వేడి వాయువులో అణువులు ఒకదానికొకటి చిన్నవిగా కనిపిస్తాయి, అడ్డు తక్కువై మరింత దూరం పోతాయి. వేగం పెరుగుదలకు ఇది తోడై స్నిగ్ధత √T కన్నా త్వరగా పెరుగుతుంది. విలియం సదర్లాండ్ 1893లో ఇచ్చిన వివరణ ఇదే, ఆయన పేరుతో ఉన్న సూత్రాన్ని ఇంజనీర్లు ఇప్పటికీ వాడుతున్నారు.

సీసాలోని గాలిని సగం తోడేస్తే స్నిగ్ధత సగమవుతుందా?

కాదు, దాదాపు మారదు. మోసే అణువులు సగమయ్యాయి, కానీ ఒక్కోటి రెట్టింపు దూరం నుంచి వస్తుంది. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1860లో ప్రచురించిన సిద్ధాంతంలో ఈ ఫలితం వచ్చినప్పుడు అది ఆయనకే నమ్మశక్యంగా అనిపించలేదు. తరువాత లండన్‌లోని తన ఇంట్లో, భార్య కేథరిన్ సహాయంతో, తీగకు వేలాడదీసిన గాజు పళ్లాలను గాలిలో మెలితిప్పి వదిలి, వాటి ఊగులాట ఎంత త్వరగా ఆగుతుందో కొలిచారు. పీడనాన్ని వాతావరణ పీడనంలో అరవయ్యో వంతుకు దించినా ఊగులాట ఆగే తీరు మారలేదు. అణువులనేవి ఉన్నాయా అని శాస్త్రవేత్తలే వాదించుకుంటున్న రోజుల్లో ఇది అణు సిద్ధాంతానికి పెద్ద బలమైంది.

దీనికి హద్దులున్నాయి. అణువు ప్రయాణించే దూరం పాత్ర వెడల్పుతో సమానమయ్యేంతగా గాలిని తోడేస్తే అణువులు పాత్ర గోడలనే తాకుతాయి, అప్పుడు లాగుడు తగ్గిపోతుంది. వందల రెట్లు పీడనం పెంచితే అణువులు ఒకదాన్నొకటి ఆనుకొని ద్రవంలా ప్రవర్తించడం మొదలుపెడతాయి.

పరీక్షలో రెండు మార్కులకు ఏమి రాయాలి?

ద్రవాలలో స్నిగ్ధత పొరుగు అణువుల మధ్య బలాల వల్ల కలుగుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే అణువులు ఆ బలాలను సులువుగా అధిగమించి చోటు మారతాయి కాబట్టి స్నిగ్ధత తగ్గుతుంది. వాయువులలో అది పొరల మధ్య అణువులు ద్రవ్యవేగాన్ని మోసుకుపోవడం వల్ల కలుగుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే అణువుల వేగం పెరిగి ఆ బదిలీ పెరుగుతుంది కాబట్టి స్నిగ్ధత పెరుగుతుంది.

## ప్రయోగశాలలో

మా బృందానికి వచ్చిన ఆముదం స్నిగ్ధత, పోయిన నెల చేసినవాళ్లకు వచ్చినదానిలో సగమే ఉంది. మేము తప్పు చేశామా?

ముందు నూనె ఉష్ణోగ్రత రాసుకున్నారా అని చూడండి. 2 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు గుండు ఆముదంలో 50 సెంటీమీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో స్టోక్స్ సూత్రంతో లెక్కిద్దాం:

v = 2r²(ρ − σ)g / 9η

ఉక్కు సాంద్రత ρ = 7800, ఆముదం సాంద్రత σ = 960 కిలోలు ప్రతి ఘనపు మీటరుకు. 20 డిగ్రీల చల్లటి ఉదయం η = 986 సెంటీపాయిజ్, వేగం సెకనుకు 1.5 సెంటీమీటర్లు, సమయం 33 సెకన్లు. 30 డిగ్రీల మధ్యాహ్నం η = 451, సమయం 15 సెకన్లు. 40 డిగ్రీలకు 8 సెకన్లు కూడా పట్టదు. అదే నూనె, అదే గుండు. కాబట్టి చలికాలపు ఉదయం చేసినవారికి వచ్చినదానిలో సగం మీకు మధ్యాహ్నం రావడం సహజం, రెండూ సరైనవే కావచ్చు. ఉష్ణోగ్రత రాయని స్నిగ్ధత విలువకు అర్థం లేదు.

ఈ అంకెల నుంచి ఇంకోటి తేలుతుంది. 20, 30 డిగ్రీల మధ్య ఒక్కో డిగ్రీకి ఆముదం స్నిగ్ధత సుమారు 8 శాతం మారుతుంది. ఉష్ణమాపకాన్ని గోడకు తగిలించి గది ఉష్ణోగ్రత రాసుకుంటే, నూనె రెండు డిగ్రీలు చల్లగా ఉన్నా మీ విలువలో 16 శాతం తేడా వస్తుంది. ఉష్ణమాపకం నూనెలోనే మునగాలి.

జాడీలో పైనా కిందా ఒకే ఉష్ణోగ్రత ఉందో లేదో కూడా గుండే చెబుతుంది. 50 సెంటీమీటర్లను రెండు సమభాగాలు చేసి విడివిడిగా సమయం తీయండి. కింది సగానికి ఎక్కువ సమయం పడితే అడుగున నూనె చల్లగా ఉందన్నమాట. మెల్లగా కలిపి, బుడగలు పోయేదాకా ఆగి మళ్లీ చేయాలి. గుండుకు గాలి బుడగ అంటుకున్నా అది నెమ్మదిస్తుంది. అందుకే వదిలే ముందు గుండును అదే నూనెలో తడపాలి. జాడీ గోడలు కూడా గుండును కొంత ఆపుతాయి. 5 సెంటీమీటర్ల వెడల్పు జాడీలో నడిమధ్యన వదిలినా 10 శాతం దాకా ఆలస్యం ఉంటుంది, పై లెక్కలో దాన్ని కలపలేదు.

## మినహాయింపుల్లా కనిపించేవి

బెల్లం పాకం మరిగేకొద్దీ చిక్కబడుతుంది కదా?

చిక్కబడేది వేడి వల్ల కాదు, నీరు ఆవిరై పోవడం వల్ల. లేతపాకం, తీగపాకం, ముదురుపాకం ఒకే ద్రవం కావు. వాటిలో నీటి పాలు వేరు. వేడి ప్రభావం ఒక్కటే చూడాలంటే తీగపాకం రాగానే దించి మూత పెట్టండి. చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. నీరు పోకుండా మళ్లీ కొద్దిగా వెచ్చచేస్తే పలుచబడుతుంది. గంజి సంగతి వేరు. అక్కడ పిండి రేణువులు నీటిని పీల్చి ఉబ్బి పదార్థమే మారిపోతుంది.

బండి ఇంజిన్ ఆయిల్ డబ్బాపై 20W-40 అని ఉంటుంది. వేడెక్కితే 20 నుంచి 40కి చిక్కబడుతుందా?

లేదు. ఆ రెండు అంకెలు రెండు వేర్వేరు కొలతలు. 20W అంటే చలిలో అది 20W శ్రేణి నూనెలా సులువుగా కదులుతుంది. 40 అంటే 100 డిగ్రీల వద్ద 40 శ్రేణి నూనెకు ఉండాల్సిన స్నిగ్ధత దీనికీ ఉంటుంది. వేడికి ఈ నూనె కూడా పలుచబడుతుంది, కాకపోతే మామూలు నూనె కన్నా తక్కువగా. అందులో కలిపిన పొడవాటి పాలిమర్ అణువులు చల్లగా ఉన్నప్పుడు ముడుచుకొని, వేడికి విచ్చుకొని, పలుచబడటాన్ని కొంత అడ్డుకుంటాయి.

వేడికి నిజంగానే స్నిగ్ధత పెరిగే ద్రవం ఒక్కటైనా ఉందా?

ఉంది, కరిగిన గంధకం. 120 డిగ్రీల దగ్గర అది పచ్చటి, తేలిగ్గా పారే ద్రవం. ఎనిమిదేసి పరమాణువుల ఉంగరాలు ఒకదానిపై ఒకటి జారుతుంటాయి. 159 డిగ్రీలు దాటగానే ఉంగరాలు తెగి, కొసలు కలిసి, చాలా పొడవాటి గొలుసులవుతాయి. గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని స్నిగ్ధత వేల రెట్లు పెరుగుతుంది. 187 డిగ్రీల చుట్టూ పాత్రను వంచినా ద్రవం ఒలకదు. ఇంకా వేడి చేస్తే గొలుసులు తెగిపోయి తిరిగి పలుచబడుతుంది. అంటే ఇక్కడ అణువే మారింది. అణువు మారనంతవరకు మామూలు ద్రవాల తీరు మారదు. గంధకం అంటుకుంటే విషవాయువు వెలువడుతుంది కాబట్టి ఇంట్లో ప్రయత్నించవద్దు.

ద్రవం తగ్గుతూ, వాయువు పెరుగుతూ పోతే రెండూ ఎక్కడైనా కలుస్తాయా?

కలుస్తాయి. 100 డిగ్రీల వద్ద మరుగుతున్న నీటి స్నిగ్ధత 0.28, పక్కనే ఉన్న ఆవిరిది 0.012. ఇంకా ఇరవై మూడు రెట్ల తేడా ఉంది. నీటిని మూసిన బలమైన పాత్రలో వేడి చేస్తూ పోతే నీటి స్నిగ్ధత దిగుతుంది, ఆవిరిది ఎక్కుతుంది. 374 డిగ్రీలు, 221 బార్ల పీడనం వద్ద నీరూ ఆవిరీ వేరుచేయలేనంతగా ఒకటైపోతాయి, రెండు విలువలూ ఒకటే అవుతాయి. ఆ పీడనానికి పైన ఉంచి వేడి చేస్తే ఒక వింత చూస్తాం. ఒకే పదార్థం, ఎక్కడా మరగకుండానే, మొదట ద్రవంలా పలుచబడుతూ వచ్చి, ఒక కనిష్ఠ విలువను తాకి, అక్కడి నుంచి వాయువులా స్నిగ్ధత పెంచుకుంటూ పోతుంది. పట్టుకోవడం వల్ల కలిగే లాగుడు తగ్గి, మోసుకుపోవడం వల్ల కలిగే లాగుడు దాన్ని మించే చోటే ఆ కనిష్ఠం.